వార్డులో పేషెంటు కనబడకపోతే: తొలి గంటలో ఏం చేయాలి, ఎవరికి ఏం చెప్పాలి

ఖాళీ మంచం చూడగానే అందరికీ వచ్చే మొదటి ఆలోచన, బాత్రూమ్‌కి వెళ్ళుంటారులే అని. చాలాసార్లు అది నిజమే కూడా. అందుకే ఐదు నిమిషాలు ఆగుతాం, తర్వాత ఇంకో ఐదు నిమిషాలు. పక్క మంచం వాళ్ళు "ఇప్పుడే ఇక్కడే ఉన్నారండీ" అంటారు. ఆ "ఇప్పుడే" నలభై నిమిషాల కిందటిది కావచ్చు. చెప్పకుండా వెళ్ళిపోయిన పేషెంటు విషయంలో టైమంతా ఇక్కడే పోతుంది.

ఈ వ్యాసం వార్డులో డ్యూటీ చేసే నర్సులకీ, కొత్తగా చేరిన డ్యూటీ డాక్టర్లకీ. మీ ఆసుపత్రికి దీని గురించి రాతపూర్వకమైన పద్ధతి ఉండే ఉంటుంది. అది ఎక్కడుందో ఇవాళే చూసి పెట్టుకోండి. ఎవరికి ముందు ఫోన్ చేయాలి, పోలీసులకు చెప్పే అధికారం ఎవరిది అన్నవి ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. కింద రాసినవి మాత్రం ఏ వార్డులోనైనా పనికొస్తాయి.

మాట తేలిగ్గా సాగడానికి ఒక ఊహా కేసు పెట్టుకుందాం. డెబ్బై రెండేళ్ళ పెద్దాయన. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, జ్వరం, షుగర్ ఉంది. చేరి మూడో రోజు. ఎడమ చేతికి కాన్యులా, దాంట్లోంచి పంపు మీద యాంటీబయాటిక్. పగలు బాగానే మాట్లాడతారు, పొద్దుగూకితే మాట తడబడుతుంది, కూతురిని చెల్లెలి పేరుతో పిలుస్తారు. రాత్రి 2:50కి నర్సు వెళ్ళి చూస్తే మంచం ఖాళీగా ఉంది.

ముందు రెండు టైములు రాసుకోండి

చేతిలో ఉన్న కాగితం మీదే రాయండి. ఒకటి, లేరని గుర్తించిన టైము. రెండోది, చివరిసారి నిజంగా చూసిన టైము. ఈ రెంటినీ ఒకటి చేసేయడం ఇలాంటి కేసుల్లో మామూలుగా జరిగే పొరపాటు. పెద్దాయన "2:50 నుంచి కనబడడం లేదు" అని సెక్యూరిటీకి చెబితే వాళ్ళు గేటు దగ్గర పది నిమిషాల ఫుటేజీ చూసి, ఎవరూ బయటికి పోలేదని తేల్చేస్తారు. ఆయన అరగంట ముందే పోయుండొచ్చు.

"నిజంగా చూసిన" అనడంలో ఉద్దేశం ఉంది. రాత్రి రౌండ్స్‌లో లైటు వేయకుండా తలుపు దగ్గర్నుంచి తొంగిచూసి టిక్ పెట్టడం అందరికీ తెలిసిన సంగతే. దుప్పటి కింద ముద్దగా కనబడింది దిండు కూడా కావచ్చు. కాబట్టి ఎవరు టిక్ పెట్టారో వాళ్ళని పక్కకు పిలిచి, తప్పు పట్టే గొంతుతో కాకుండా అడగండి: "ముఖం చూశారా? మాట్లాడారా?" చూడలేదంటే ఆ టైము లెక్కలోకి రాదు, అంతకుముందు టైముకి వెళ్ళాలి. అప్పుడు నిజం చెప్పే ధైర్యం వాళ్ళకి రావాలంటే మీ ముఖంలో కోపం కనబడకూడదు.

మన కేసులో 2:05కి యాంటీబయాటిక్ పెట్టిన నర్సు ఆయనతో మాట్లాడింది. అది గట్టి టైము. ఇంకా మంచి ఆధారం ఒకటుంది. పంపులోంచి ట్యూబు లాగేసినప్పుడో, లైను మూసుకుపోయినప్పుడో ఇన్ఫ్యూజన్ పంపు మోగుతుంది, చాలా రకాల పంపుల్లో ఆ అలారం టైము చరిత్రలో ఉండిపోతుంది. చూస్తే 2:31. ఆ టైములో ఇద్దరు నర్సులూ వార్డు అవతలి చివర ఊపిరాడని పేషెంటు దగ్గరున్నారు, అలారం ఎవరికీ వినబడలేదు. కాబట్టి ఆయన మంచం దిగింది దాదాపు 2:31కి. 2:50 నాటికే పందొమ్మిది నిమిషాలు గడిచాయి. జ్వరంతో ఉన్న పెద్దవయసు మనిషి గంటకు రెండు, మూడు కిలోమీటర్ల వేగంతో నడుస్తారనుకుంటే, ఎక్కడా ఆగకుండా పోతే కిలోమీటరు లోపే ఉండాలి. వెతకాల్సిన చోటు ఎంత పెద్దదో ఈ లెక్కే చెబుతుంది. వాహనం ఎక్కితే ఈ లెక్క చెల్లదు, అందుకే డబ్బు, ఫోను తీసుకెళ్ళారా అన్నది వెంటనే చూడాలి.

మంచం దగ్గర ఏముంది, ఏం లేదు

మంచం సర్దకండి. సాయం చేద్దామని ఎవరో ఒకరు దుప్పటి మడతపెట్టేస్తారు, వద్దని చెప్పండి. ఒక్క నిమిషం నిలబడి చూడండి.

చెప్పులు, బట్టల సంచి, ఫోను, ఛార్జరు, పర్సు అన్నీ లేకపోతే మనిషి ఆలోచించుకుని వెళ్ళినట్టు. కళ్ళజోడు, ఫోను, కట్టుడుపళ్ళు ఉండిపోయి మనిషి మాత్రం లేకపోతే అయోమయంలో లేచి నడిచినట్టు. మన పెద్దాయన చెప్పులు లేవు. కళ్ళజోడు, ఫోను, చెవి మిషను అల్మరాలో ఉన్నాయి. చెవి మిషను ఉండిపోయిందంటే మెట్ల దగ్గర నిలబడి పేరు పెట్టి ఎంత అరిచినా ఆయనకు వినపడదు. ఈ మాట వెతికేవాళ్ళందరికీ చేరాలి.

కింద నేల చూడండి. కాన్యులా లాగేసుకుంటే రక్తపు చుక్కలు పడతాయి, కొన్నిసార్లు అవి ఎటు వెళ్ళారో కూడా చెబుతాయి. ఊడిన కాన్యులా మంచం మీద దొరికితే అది పూర్తిగా ఉందో లేదో చూసి దాచండి. దొరకకపోతే అది ఇంకా చేతికే ఉందనుకోవాలి. ఉత్తరం, చీటీ లాంటిది ఏదైనా కనబడితే ముట్టుకోకుండా డ్యూటీ డాక్టర్‌ని పిలవండి, అక్కడితో కేసు మారిపోతుంది.

ప్రమాదం ఎంత? రెండు నిమిషాల్లో తేల్చాలి

మెలకువగా, తెలివిగా, విషయం అర్థం చేసుకుని వెళ్ళిపోయిన పెద్దమనిషికీ, మన పెద్దాయనకీ చేయాల్సిన పనులు ఒకటి కావు. డ్యూటీ డాక్టర్‌తో కలిసి ఇవి తేల్చుకోండి: మనిషి తన జబ్బు గురించి అర్థం చేసుకుని, లాభనష్టాలు బేరీజు వేసి నిర్ణయం తీసుకునే స్థితిలో ఉన్నారా? ప్రాణం తీసుకోవాలనే మాట ఎప్పుడైనా అన్నారా? చిన్నపిల్లలా? చట్టప్రకారం ఆసుపత్రిలో ఉంచినవారా? మందో, ఆక్సిజనో కొన్ని గంటలు ఆగితే ప్రాణం మీదికొస్తుందా? మద్యం అలవాటుండి రెండు మూడు రోజులుగా మానేసిన మనిషా? చివరిదాన్ని చాలామంది మర్చిపోతారు. మానేసిన రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య వచ్చే తీవ్రమైన అయోమయంలో మనిషి కిటికీనే తలుపనుకోగలడు.

మొదటిదానికి కాదని, లేదా మిగతావాటిలో ఒక్కదానికి అవునని జవాబొచ్చినా, అర్థంచేసుకునే శక్తి ఉందో లేదో తెలియకపోయినా, ఎక్కువ ప్రమాదం కిందే లెక్క. మన కేసులో ఇంకో సంగతి కేస్‌షీట్‌లో దొరికింది. రాత్రి ఇన్సులిన్ ఇచ్చారు, భోజనం మాత్రం సగమే తిన్నారు. అంటే తెల్లవారేలోపు షుగర్ పడిపోయే అవకాశముంది. సెక్యూరిటీకైనా పోలీసులకైనా "ముసలాయన కనబడడం లేదు" అంటే ఒకలా వింటారు, "షుగర్ పడిపోతే గంటల్లో స్పృహ తప్పవచ్చు" అంటే మరోలా వింటారు.

పగలు బాగా మాట్లాడారు కదా, మతి స్థిమితంగానే ఉన్నారు కదా అని వాదించేవాళ్ళు ఉంటారు. డెలీరియం అనే ఈ అయోమయ స్థితి స్వభావమే అది. వస్తుంది, పోతుంది, రాత్రిళ్ళు ఎక్కువవుతుంది. సాయంత్రం రౌండ్స్‌లో సంవత్సరం సరిగ్గా చెప్పిన మనిషి అర్ధరాత్రి తాను ఎక్కడున్నాడో చెప్పలేకపోవచ్చు.

వెతకడం: ఒకరు కదలకూడదు, మిగతావాళ్ళు కలిసి తిరగకూడదు

మొదట ఒకరిని నర్సింగ్ స్టేషన్‌లో కూర్చోబెట్టండి. ఆ మనిషి లేవకూడదు. ఫోన్లన్నీ అక్కడికే, రాసుకోవడమంతా అక్కడే. అందరూ కంగారుగా పరిగెడితే దొరికిన కబురు ఎవరికి చెప్పాలో తెలియక వెతుకులాట ఇంకో అరగంట సాగుతుంది. మిగతా పేషెంట్లను చూసుకోవడానికి ఇంకొకరు ఉండి తీరాలి. ఒకరి కోసం వెతుకుతూ వార్డంతా వదిలేస్తే రెండో ప్రమాదం తెచ్చుకున్నట్టే.

వార్డులో వెతుకులాట ఐదు నిమిషాలకు మించకూడదు. ప్రతి మంచం, మంచం కింద, మంచాల మధ్య తెరల వెనక, ఖాళీ గదులు, బట్టలు ఉంచే గది, స్టోర్, సిబ్బంది విశ్రాంతి గది చూడండి. బాత్రూమ్ తలుపు లోపల గడియ వేసుంటే తట్టి ఊరుకోకండి, బయటినుంచి తెరిచే తాళం తెప్పించండి. లోపల పడిపోయిన మనిషి జవాబివ్వలేరు. ఇతరుల మంచాల మీద పడుకున్నవాళ్ళ ముఖం కూడా చూడాలి. అయోమయంలో ఉన్నవాళ్ళు వేరే మంచమెక్కి హాయిగా నిద్రపోయిన సందర్భాలు తక్కువేం కాదు.

ఇదే ఐదు నిమిషాల్లో సెక్యూరిటీకి ఫోన్ వెళ్ళాలి. వార్డులో వెతకడం అయ్యాక చెబుదామనుకోవద్దు, రెండూ ఒకేసారి జరగాలి. కొన్ని ఆసుపత్రుల్లో దీనికి రంగు పేరుతో కోడ్ ఉంటుంది. కెనడా ఆసుపత్రుల్లో కోడ్ ఎల్లో అంటే ఇదే. కానీ ఒక చోట రంగుకున్న అర్థం ఇంకో చోట ఉండదు, రాత్రి కొత్తగా వచ్చిన గార్డుకి కోడ్ తెలియకపోవచ్చు. కోడ్ చెప్పాక మామూలు మాటల్లో కూడా చెప్పండి. ఇలా:

"ఐదో అంతస్తు మెడిసిన్ వార్డు నుంచి. పేషెంటు కనబడడం లేదు. మగ, డెబ్బై రెండేళ్ళు, సన్నగా ఉంటారు, తెల్ల జుట్టు. ఆసుపత్రి నీలం గౌను, గోధుమరంగు చెప్పులు. ఎడమ చేతికి సూది కట్టుంటుంది. చెవి వినపడదు, పిలిస్తే పలకరు. అయోమయంగా ఉంటారు. 2:31 ప్రాంతంలో మంచం దిగారు. గేట్లు చూడండి, 2:30 నుంచి లిఫ్టులు, మెట్ల తలుపుల కెమెరాలు చూడండి. దొరికితే పట్టుకుని లాగొద్దు, పక్కనే ఉండి ఈ నంబరుకి చేయండి."

బట్టల గురించి మీకు తెలిసిందే చెప్పండి. గౌను మంచం మీద పడుంటే ఆయన సొంత బట్టల్లో ఉన్నట్టు. వార్డులో ఉన్న మనిషి గౌనులోనే ఉంటాడనుకుని చెప్పేస్తే, గార్డు కళ్ళముందు నుంచి చొక్కా వేసుకుని దర్జాగా నడిచి వెళ్ళిపోతారు.

వార్డు బయట ముందుగా చూడాల్సినవి మెట్లు, అందులోనూ అగ్నిప్రమాదం వస్తే దిగే మెట్లు. వాటి తలుపులు చాలా భవనాల్లో లోపలినుంచి తోస్తే తెరుచుకుంటాయి, మెట్లవైపు నుంచి తెరుచుకోవు. అయోమయంలో ఉన్న మనిషి తలుపు తోసుకుని వెళ్ళాక వెనక్కి రాలేక అక్కడే ఇరుక్కుంటారు. 2013 సెప్టెంబరులో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో జనరల్ ఆసుపత్రిలో ఇన్‌ఫెక్షన్‌తో చేరిన ఒక మహిళ గదిలోంచి కనబడకుండా పోయారు. 17 రోజుల తర్వాత, అక్టోబరు 8న, అదే ఆసుపత్రి భవనపు బయటివైపు అగ్నిమాపక మెట్ల మీద ఆమె శవం దొరికింది. ఆమె కోసం ఊరంతా పోస్టర్లు అతికించారు, భవనంలోని మెట్లన్నీ మాత్రం వెతకలేదు. అందుకే "మెట్లు చూశాం" అనే జవాబు తీసుకోకండి. భవనంలో మెట్లు ఎన్ని, ఏ మెట్లు, పైనుంచి కింది దాకా ఎవరు నడిచారు, ఎన్ని గంటలకు? ఈ నాలుగూ స్టేషన్‌లో కూర్చున్న మనిషి కాగితం మీద ఉండాలి.

మెట్ల తర్వాత మేడ, బేస్‌మెంట్, పార్కింగ్, పనివేళ కాని టైములో మూసేసిన ఓపీ వరండాలు, ప్రార్థన గది, క్యాంటీన్, జనరేటర్ వైపు గదులు చూడాలి. తాళం వేసిన చోటు కదా అని వదిలేయకండి, 2:30కి ఆ తాళం తీసి ఉందేమో ఎవరికి తెలుసు? తాళమున్న గార్డుని తీసుకెళ్ళి తెరిపించండి. మతిమరుపు, అయోమయం ఉన్నవాళ్ళు దారి మూసుకుపోయేదాకా నడిచి, అక్కడ మూలన కూర్చుంటారు, లేదా పొదల్లో, వాహనాల మధ్య ఇరుక్కుంటారు. పిలిచినా పలకరు, సాయం అడగరు. కాబట్టి ఇక్కడ చెవి కన్నా కన్ను ముఖ్యం, టార్చి ముఖ్యం.

ఇంటివాళ్ళకు ఫోన్

ఎప్పుడు చేయాలనేదాని మీద వాదన ఎప్పుడూ ఉంటుంది. దొరికాక చెబుదాం, అనవసరంగా టెన్షన్ పెట్టడమెందుకు అంటారు పెద్ద డాక్టర్లు. నా మాట వేరు. ఎక్కువ ప్రమాదమున్న కేసులో వార్డు వెతకడం అయిపోగానే, అంటే పది పదిహేను నిమిషాల్లో ఫోన్ వెళ్ళాలి. ఇంటివాళ్ళకు తెలిసిన సంగతులు మనకు తెలియవు. ఒక్కోసారి మనిషి ఇంటికే చేరి ఉంటారు కూడా.

ఫోన్ చేసే ముందు కేస్‌షీట్ ముందు పేజీ ఒకసారి చూడండి. ఎవరికి చెప్పొచ్చని పేషెంటు చెప్పారు, ఎవరికి చెప్పొద్దన్నారు? ఇంట్లో కొట్టారన్న అనుమానమున్న మనిషి ఆ ఇంటివాళ్ళ నుంచే తప్పించుకుని ఉండొచ్చు. అలాంటి నోట్ ఉంటే ముందు డాక్టర్‌తో, వార్డు ఇన్‌ఛార్జితో మాట్లాడకుండా డయల్ చేయకండి.

మన కేసులో కూతురి నంబరు ఉంది. ఫోను ఎత్తింది ఎవరో తెలుసుకోకుండా విషయం చెప్పకూడదు.

"నమస్కారం అండీ, ఆసుపత్రి మెడిసిన్ వార్డు నుంచి నర్సుని మాట్లాడుతున్నాను. మీరు వారి అమ్మాయేనా? పేరు చెప్తారా?"

"అవునండీ, ఏమైంది? నాన్నకి ఏమైంది?"

"అమ్మా, మీ నాన్నగారు వార్డులో కనబడడం లేదు. రెండున్నర ప్రాంతంలో మంచం దిగారు, అప్పట్నుంచి వెతుకుతున్నాం. సెక్యూరిటీ వాళ్ళు కూడా వెతుకుతున్నారు. ఆయన ఇంటికి గానీ, ఎవరింటికైనా గానీ వచ్చారా?"

మొదటి వాక్యంలోనే విషయం చెప్పేయాలి. "కంగారు పడకండి" అని మొదలుపెడితే అవతలివాళ్ళు చావు కబురే అనుకుంటారు. "పారిపోయారు" అనొద్దు. "మీరెవరూ రాత్రి తోడు లేరేంటి" అన్న మాట నోటికొచ్చినా మింగేయండి. తప్పకుండా దొరుకుతారని హామీ ఇవ్వకండి, ఏం చేస్తున్నారో చెప్పండి.

ఆ తర్వాత అడగాల్సినవి అడగాలి. డబ్బు, తాళాలు దగ్గరున్నాయా? ఈ మధ్య ఎక్కడికి వెళ్ళాలంటున్నారు? పాత ఇల్లు ఎక్కడ? ఏం పని చేసేవారు? అయోమయంలో ఉన్నప్పుడు ఇదివరకు ఎటు వెళ్ళారు? ఇంట్లో ఏమని పిలుస్తారు? ఈ మధ్య తీసిన ఫోటో ఉందా? "ఏం పని చేసేవారు" అనే ప్రశ్న వింతగా అనిపించొచ్చు. మన కేసులో దారి చూపింది అదే. కూతురు చెప్పింది: "నాన్న బస్సు డ్రైవరండీ. ముప్పై ఏళ్ళు తెల్లవారుజాము డ్యూటీయే. నిన్న సాయంత్రం కూడా బండి తీయాలి, ఆలస్యమవుతోందన్నారు." బండి కోసం లేచిన మనిషి ఇంటివైపు కాదు, బండ్లున్న వైపు వెళ్తారు. స్టేషన్‌లో కూర్చున్న నర్సు వెంటనే ఇద్దరు గార్డులను పార్కింగ్‌కి పంపింది.

ఇంట్లో ఒకరు ఇంటి దగ్గరే ఉండి, లైట్లు వేసి, ఫోను ఖాళీగా ఉంచుకోవాలని చెప్పండి. అందరూ బండ్లేసుకుని రోడ్ల మీద పడితే ఆయన ఇంటికొచ్చినప్పుడు తలుపు తీసేవాళ్ళు ఉండరు. మీరు మళ్ళీ ఎన్ని గంటలకు ఫోన్ చేస్తారో చెప్పి, ఏ కబురూ లేకపోయినా ఆ టైముకి చేయండి. ఇంటివాళ్ళు వాట్సాప్‌లో ఫోటో పెడతామంటే ముఖం, బట్టలు, చివరిగా కనబడిన చోటు, నంబరు చాలని చెప్పండి. జబ్బు పేరు, కేస్‌షీట్ ఫోటో వద్దు. వార్డు సిబ్బంది మాత్రం సొంత ఫోన్ల నుంచి ఏదీ పెట్టకూడదు.

పోలీసులకు ఎప్పుడు

మనిషి కనబడకుండా పోయి 24 గంటలు గడిస్తేనే పోలీసులు రాసుకుంటారన్న నమ్మకం చాలా గట్టిది. ప్రమాదంలో ఉన్న పేషెంటు విషయంలో అలా ఆగడానికి కారణం లేదు. ఎక్కువ ప్రమాదమున్న కేసులో భవనంలో మొదటి విడత వెతుకులాట అవగానే, బయటికి వెళ్ళినట్టు కెమెరాలో కనబడితే ఆ క్షణంలోనే చెప్పాలి. ప్రాణం తీసుకుంటానన్న మనిషైతే వార్డు వెతుకుతుండగానే చెప్పాలి.

సెక్యూరిటీకి చెప్పిందే పోలీసులకీ చెబుతారు, దాంతోపాటు రెండు సంగతులు కలపాలి: ఏ టైములోపు దొరక్కపోతే ఏమవుతుంది, దొరికితే ఎలా దగ్గరికి వెళ్ళాలి. జబ్బు వివరాల్లో వెతకడానికీ కాపాడడానికీ కావాల్సినంత మాత్రమే చెప్పండి. షుగర్, ఇన్సులిన్, అయోమయం, చెవుడు చెప్పాలి. పాత ఆపరేషన్ల చిట్టా అక్కర్లేదు. ఫిర్యాదు నంబరు, మాట్లాడిన అధికారి పేరు, టైము రాసుకోండి.

దొరికాక

3:38కి రెండో బేస్‌మెంట్‌లో గోడకీ ఒక వ్యానుకీ మధ్య కింద కూర్చుని దొరికారు. గార్డు ఎదురుగా వచ్చి, రెండడుగుల దూరంలో కూర్చుని, చెయ్యి ఊపి నవ్వాడు. వెనకనుంచి వచ్చి భుజం పట్టుకుని ఉంటే చెవి వినపడని మనిషి బెదిరి కొట్టేవారే. నర్సు చెవి మిషను, చక్కెర నీళ్ళు, షుగర్ చూసే మిషను పట్టుకుని దిగింది. "బండికి ఇంకా టైముందండీ, ముందు కాస్త తాగండి" అంది. వాదించలేదు. షుగర్ 58 ఉంది. మింగగలుగుతున్నారు కాబట్టి పదిహేను గ్రాముల గ్లూకోజ్ తాగించి, పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూసింది. స్పృహ మందగించి ఉంటే నోట్లో ఏదీ పోయకూడదు, డాక్టర్‌ని పిలవాలి.

వార్డుకి తెచ్చి పడుకోబెట్టేస్తే పని అయిపోదు. పడి తలకి దెబ్బ తగిలిందా, ఒళ్ళు చల్లబడిందా, కాన్యులా పెట్టిన చోట ఎలా ఉంది అన్నవి డాక్టర్ చూడాలి. ఎందుకు లేచారో కూడా వెతకాలి. మూత్రం బిగిసిందా, మలబద్ధకమా, కొత్త మందేదైనా మొదలైందా, జ్వరం పెరిగిందా? ఆగిన యాంటీబయాటిక్ డోసు ఏం చేయాలో డాక్టర్‌ని అడగండి. మంచాన్ని స్టేషన్‌కి ఎదురుగా, మెట్ల తలుపుకి దూరంగా మార్చండి. కళ్ళజోడు, చెవి మిషను పెట్టి ఉంచడం అయోమయాన్ని తగ్గించే పనుల్లో ఒకటి.

వెంటనే కూతురికి ఫోన్. ఆ తర్వాత సెక్యూరిటీకి, పోలీసులకి, మేడ మీద ఇంకా వెతుకుతున్న మనిషికి. చివరి మనిషిని మర్చిపోతే తెల్లారేదాకా తిరుగుతూనే ఉంటాడు.

కేస్‌షీట్‌లో టైములవారీగా చూసిందీ చేసిందీ మాత్రమే రాయండి. "నిర్లక్ష్యంగా వెళ్ళిపోయారు" లాంటి తీర్పులు వద్దు. ముందు పెట్టిన టిక్కులు దిద్దకండి, కొట్టేయకండి. ఏదైనా తర్వాత గుర్తొస్తే ఇప్పటి టైము వేసి, ఆలస్యంగా రాస్తున్నానని చెప్పి రాయండి. పంపు అలారం ఎవరికీ ఎందుకు వినబడలేదన్నది ఆసుపత్రి సంఘటన ఫారంలో రాయాల్సిన సంగతి. అది రాయకపోతే రేపు రాత్రి కూడా వినబడదు.

తెలిసే వెళ్ళిపోయినవాళ్ళు

ఇక్కడ పని తక్కువ, చిరాకు ఎక్కువ. ఖర్చుకి భయపడో, పిల్లల్ని చూసుకోవాలనో, వార్డులో పడలేకో వెళ్ళిపోతారు. తెలివిగా నిర్ణయం తీసుకోగల పెద్దవాళ్ళని మనం బలవంతంగా ఆపలేం, పట్టి తీసుకురమ్మని పోలీసుల్ని పంపలేం. కానీ సంతకం పెట్టకుండా వెళ్ళారు కదా అని ఫైలు మూసేయకూడదు. వాళ్ళ సొంత నంబరుకి ఫోన్ చేసి నాలుగు మాటలు చెప్పండి: చేతికి కాన్యులా ఉంటే దాన్ని తీయించుకోవడానికి ఏదైనా ఆసుపత్రికి వెళ్ళాలి, ఏ మందు ఆగిపోయింది, ఏ లక్షణం కనబడితే ఆగకుండా రావాలి, ఎప్పుడొచ్చినా చేర్చుకుంటాం. ఈ చివరి మాట నిజంగా అనండి. తిడతారనే భయంతో తిరిగి రానివాళ్ళు ఉంటారు. ఫోను ఎత్తకపోతే కొంతసేపాగి మళ్ళీ చేయండి, చేసిన ప్రతిసారీ టైము రాయండి. ఇంటివాళ్ళకు చెప్పాలా అన్నది పేషెంటు ముందు ఒప్పుకున్నదాన్ని బట్టి ఉంటుంది. మాట్లాడుతున్నప్పుడు మాట తేడాగా అనిపించినా, చావు మాట వినిపించినా ఎక్కువ ప్రమాదం కేసు కిందికి మార్చి మొదటినుంచి మొదలుపెట్టండి.

దొరక్కుండానే తెల్లారితే

షిఫ్టు మారేటప్పుడు కనబడని పేషెంటు కాగితాల్లోంచి కూడా కనబడకుండా పోతారు. మంచం ఖాళీగా ఉంది, కొత్త పేషెంటు వచ్చేస్తారు, పేరు లిస్టులోంచి జారిపోతుంది. హ్యాండోవర్‌లో ఆయన పేరే మొదట చెప్పండి. వెతికిన చోట్లు, వెతకనివి, కెమెరాల్లో ఏ టైము నుంచి ఏ టైముదాకా చూశారు, పోలీసు ఫిర్యాదు నంబరు, ఇంటికి తర్వాతి ఫోన్ ఎన్నింటికి, అది చేయాల్సింది ఎవరు అన్నవి చెప్పి, పగటి షిఫ్టులో ఒకరి పేరు మీద రాయించండి. చీకట్లో చూసిన మెట్లు, మేడ, పొదలు వెలుతురులో కొత్త మనుషులతో మళ్ళీ చూడాలి. పగటిపూట ఊడ్చేవాళ్ళకీ లిఫ్టు నడిపేవాళ్ళకీ క్యాంటీన్ వాళ్ళకీ ఫోటో చూపించండి, భవనంలోని మూలలు వాళ్ళకు తెలిసినంత ఇంకెవరికీ తెలియవు. వాళ్ళలో ఎవరైనా "అక్కడెవరో పడుకునున్నారండీ" అంటే ఎవరో ఒకరు వెళ్తారులే అనుకోకుండా, చెప్పిన మనిషిని తీసుకుని మీరే వెళ్ళి చూడండి. ఆయన వస్తువులు లెక్కపెట్టి, ఇద్దరు సంతకం చేసి, తాళం వేసి ఉంచండి. ఇంటివాళ్ళు ఎనిమిదింటికల్లా వార్డు తలుపు దగ్గర నిలబడి ఉంటారు. వాళ్ళతో మాట్లాడాల్సింది రాత్రి డ్యూటీ చేసిన నర్సు ఒక్కతే కాదు, పక్కన సీనియర్ డాక్టరూ ఉండాలి.